జోడు షిర్దాకు

పొద్దున్నే టీ కాచే సమోవారు వెలిగించి రెండు టీ గిన్నెలు తీసేదాన్ని. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఇప్పుడు ఒకటే తీస్తున్నాను. అయినా చెయ్యి రెండో దాని దాకా వెళ్ళి ఆగుతుంది. మా ఆయన ఎషిమ్ పోయి పదినెలలయింది. ఏడాది విందు ఇంకా జరగలేదు.

ఇంతలో అక్టోబరు వచ్చింది. నా నేస్తం బాత్మా, నేనూ ఒకే వారంలో కోడళ్ళుగా ఈ అట్‌బాషీ ఊళ్ళో ఒకే వీధికి వచ్చి, ఇద్దరం కలిసి ఉన్ని ఒత్తి మొదటి షిర్దాకు నేలపరుపు కోసి ఈ నెలతో ఇరవై ఏళ్ళు. ఆ రోజుని మేం మరిచిపోము, ఏటా ఒకరికొకరం ఏదో ఒకటి ఇచ్చుకుంటాం. కానీ ఈసారి తనకి ఏమివ్వాలో తోచలేదు. తోడికోడలు తుర్దుబుబు అక్కనడిగాను.

"మంచి రుమాలు ఇవ్వు, ఇంకేముంది?"

"అక్కా, చావింట్లో ఆడవాళ్ళకి పంచేదే రుమాళ్ళు. నేనిస్తే ఎషిమ్ తాలూకుదనుకోదూ?"

"అయితే పూలివ్వు. బేసి లెక్కలో ఇవ్వు తల్లీ, సరిసంఖ్య చచ్చినవాళ్ళకి. కాకపోతే కప్పు మీద నీదీ బాత్మాదీ ఫోటో అచ్చు వేసిస్తారుట బజార్లో."

"నా మొహం ఇప్పుడు ఫోటోకి పనికొస్తుందా?"

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అసలు సంగతి అక్కకి చెప్పలేదు.

ఆ మొదటి షిర్దాకు జోడు. తెల్ల ఉన్నీ, గోధుమరంగు ఉన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే కత్తితో రెండింటినీ కలిపి కోస్తాం. తెల్లది గోధుమలో, గోధుమది తెల్లలో ఇమిడిపోతుంది. ఒక కోతకి రెండు నేలపరుపులు. తెల్ల నేల మీద గోధుమ పొట్టేలు కొమ్ములు ఒకదానిలో, గోధుమ నేల మీద తెల్ల కొమ్ములు ఇంకోదానిలో. మొదటిది బాత్మా ఇంట్లో ఉంది. రెండోది నేను పోగొట్టాను. ఆయనకి ఆఖరి స్నానం చేయించినవాళ్ళకి బట్టలివ్వాలి కదా. పెట్టె మీది దొంతరలోంచి చేతికి దొరికినవి దొరికినట్టు ఇచ్చేశాను. షిర్దాకు కూడా పోయిందని నెల తరవాత గాని తెలియలేదు. ఇచ్చినదాన్ని తిరిగి అడగరు. బాత్మాకి తెలిస్తే, మా స్నేహాన్నే చావు కింద పంచిపెట్టానని అనుకుంటే?

అందుకని మళ్ళీ జోడు చెయ్యాలనుకున్నాను, కొంచెం చిన్నది. కానీ ఇంట్లో ఉన్నది ఆయన ఆఖరిసారి కత్తిరించిన గొర్రెల ఉన్ని. అది ఆయన సొత్తా, నాదా? పంచాలా, ఉంచాలా? వారం రోజులు మూటవైపు చూస్తూ కూచున్నాను. తరవాత ఉన్నిని చాప మీద పరిచి వేడి సబ్బునీళ్ళు చల్లి, గట్టిపడేదాకా చుట్టి దొర్లించాను. ఆరాక సుద్దతో కొమ్ములు గీసి కత్తికి పదును పెట్టి కోశాను. కోతల మీద కుట్టే తాడు రెండు పేటలు, ఒకటి కుడికి పేనాలి, ఇంకోటి ఎడమకి. అప్పుడే పక్కపక్కన సాపుగా పడుకుంటాయి. వేళ్ళు ఒకవైపే తిరిగాయి. మూడుసార్లు విప్పాను.

రెంటికీ అంచు ఒక వైపు మిగిలుండగానే బాత్మా వచ్చింది, చంకలో ఏదో చుట్టుకుని.

"ఏమే, ఇరవై ఏళ్ళ పెళ్ళికూతురా! తలుపు తియ్యవేం?"

చుట్ట విప్పింది. తన పాత షిర్దాకు.

"తీసుకో. నీది లేదుగా."

"నీకెలా తెలుసు?"

"ఎషిమ్ పోయాక నలభై రోజులు మీ ఇంట్లో రొట్టెలు కాల్చాను. దొంతరలో ఏముందో ఏం లేదో చూడనా, గుడ్డిదాన్నా?"

"మరి ఒక్క మాట అనలేదే!"

"ఏమనమంటావు? తిట్టమంటావా? ఆ రోజు నువ్వు నీ చెప్పులు కూడా ఇచ్చేస్తుంటే నేనే లాక్కున్నాను."

నేను కొత్త జోడు చూపించాను. తెల్ల నేలది తన ముందు పెట్టి, "ఇది ఎషిమ్ ఉన్ని. చావు పంపకం కాదు బాత్మా, ఒట్టు. అలా అనిపిస్తే వద్దను" అన్నాను.

తను చేత్తో తడిమి, ముక్కుకి ఆనించుకుంది.

"గొర్రె వాసన బాగానే వేస్తోంది. ఆయన పేరున పంచితే తీసుకునేదాన్ని కాదేమో. నువ్విస్తున్నావు."

"మరి పాతది నాకిచ్చేస్తే మన మొదటి జోడులో నీకేం మిగిలినట్టు?"

"నీది నా దగ్గర, నాది నీ దగ్గర. ఎవరిదేదో లెక్కలు నాకు రావమ్మా. టీ పొయ్యి."

రెండు గిన్నెలు తీశాను.

వెళుతూ తెల్లది చంకలో పెట్టుకుంది, కుట్టని అంచుతోనే. "అంచు కుట్టి ఇస్తా, ఉండు" అంటే వినలేదు. "నీ దానికీ కుట్టకు. శుక్రవారం సూది పట్టుకొస్తా, కలిసి కుడదాం."

తన షిర్దాకు నా నేల మీద ఉంది. పక్కన నా కొత్తది. తీసుకున్నానో, ఇచ్చానో ఇంకా అర్థం కాలేదు. తాడు పేనే ఉంది, సూదిలో దారం ఎక్కించే ఉంది. అరగంట పని. సూదిని అంచుకి గుచ్చి అలాగే వదిలేశాను.