కవర్ తీయని ఫోను

జగిత్యాల మొబైల్ షాపతను మొదటి రోజు నన్ను చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అన్నిట్లోకీ మందంగా ఉన్న కవర్ ఏరుకున్నానని, "ఫోనుకు ట్రాక్టర్ టైరు తొడుగుతున్నరా సార్" అన్నాడు. ఫోను జారవిడిచే చేయి నాది. అతనికేం తెలుసు?

ఫోనుతో పాటు ఇయర్‌బడ్స్, వైరు గుచ్చే పని లేకుండా చార్జింగ్ చేసే గుండ్రటి ప్లేటు కూడా తీసుకున్నాను. ప్లేటు నడుమ ఒక తీగచుట్ట, ఫోను వీపులో ఇంకొకటి ఉంటాయని, రెండూ ఎదురెదురుగా, దగ్గరగా ఉంటేనే చార్జింగ్ ఎక్కుతుందని చెప్పాడు. కోరుట్లలో మా ఇంట్లో కొన్నాళ్లు బాగానే నడిచింది. కవర్ మందం వల్ల నిదానంగా ఎక్కేది. కొంచెం జరిపి నడిమికి తేవాల్సి వచ్చేది. అంతే.

తర్వాత సిరిసిల్లలో అత్తగారింటికి పోయాం. సాయంత్రం ఇయర్‌బడ్స్ డబ్బా ఖాళీ అయింది. ఫోను బోర్లా పెట్టి, ఫోను బ్యాటరీని వేరేవాటికి పంచే సెట్టింగ్ ఆన్ చేసి, దాని వీపు మీద డబ్బా పెట్టాను. ఇంట్లో ఒకసారి అట్లా పెడితే మెల్లగానైనా ఎక్కింది. ఇక్కడ డబ్బా మీద లైటే రాలేదు. కాసేపటికి సెట్టింగ్ దానంతటదే ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగింది. మా బామ్మర్ది వాకిట్లో అందరూ వినేట్టు, "బావా, ఫోను మీద డబ్బా పెట్టి పూజ చేస్తున్నవా ఏంది? అగర్‌బత్తి తేవాల్నా?" అన్నాడు. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

ఇంటికొచ్చాక ప్లేటూ మొండికేసింది. ఫోను పెట్టిన కాసేపటికే వీపు కాలుతుంది, ప్లేటు లైటు మిణుకుమంటుంది, చార్జింగ్ ఆగిపోతుంది. షాపుకు ఫోన్ చేస్తే, "కవర్ తీసి పెట్టి చూడుండ్రి సార్" అన్నాడు. నేను తీయలేదు. మొన్నటిదాకా ఇదే కవర్‌తో నడిచింది కదా! తీస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. ప్లేటు పాడైందని అతని నోటితో అనిపించాలి, అదీ నా పట్టు. బస్టాండ్ దగ్గర తెలిసినవాళ్లందరికీ ఆ షాపు మోసమని చెప్పేశాను.

"గాయనతోని లొల్లెందుకు, వైరు పెట్టుకోరాదు" అంది మా ఆవిడ. నేను వినకపోతే తనూ వెంట బయల్దేరింది.

షాపులో నలుగురైదుగురు ఉన్నారు. ప్లేటు, ఇయర్‌బడ్స్ డబ్బా గల్లామీద పెట్టి, నా సంగతంతా గట్టిగా చెప్పాను. అతను ఓపికగానే, "కవర్ తీసిండ్రా సార్?" అన్నాడు.

"నువ్వు గదే మాట పట్టుకుంటవని నాకెరుకే. ఇగో, అందరి ముంగటనే తీస్త. అప్పుడు గూడ కాలితే ఏమంటవ్?"

"వద్దు, ఇంటికి పోదాం పా" అంటూ మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది. విదిలించుకుని కవర్ లాగాను. ఫోను వీపు మీద నుంచి అగ్గిపెట్టెంత రాగి రేకు ఒకటి గల్లామీద పడింది. దాని మీద ఉర్దూ అక్షరాలు, గీతలు, తాయెత్తుల్లో పెట్టే రకం.

షాపతను దాన్ని రెండు చేతులతో తీసి, గల్లా పైనున్న గుడ్డ మీద పెట్టాడు. "సార్, నడుమ రాగి ఉంటే అదే కాలుతది. ప్లేటు గది చూసి బందైతది. ప్లేటుది ఏం తప్పు లేదు." తర్వాత మా ఆవిడ వైపు చూశాడు. "తావీజు గదా. ఎక్కడిది భాభీ?"

తను తల దించుకుంది. "సిరిసిల్లల దర్గా కాడ ఒక పెద్దాయన రాసిచ్చిండు. ఫోను ఎప్పుడు ఈయన చేతులనే ఉంటది గదా అని అండ్ల పెట్టిన."

"దేనికి?" అన్నాను నేను.

తను గుడ్డ మీది రేకును తీసుకుని కొంగున ముడేసుకుంది. తర్వాత మెల్లగా, "అందరితోని కొట్లాట మానాలని" అంది.

టెంపర్డ్ గ్లాస్ వేయించుకుంటున్న ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఆ నవ్విందెవరో తల ఎత్తి చూడాలనిపించలేదు. నన్ను చూసి నవ్వినవాళ్లను అట్లా వదిలేయడం నా జన్మలో ఎప్పుడూ జరగలేదు.

షాపతను ఫోను ప్లేటు మీద పెట్టి నడిమికి జరిపాడు. చార్జింగ్ ఎక్కింది. కాసేపాగి తీసి బోర్లా పెట్టి, సెట్టింగ్ ఆన్ చేసి, నా ఇయర్‌బడ్స్ డబ్బా దాని మీద పెట్టాడు. చిన్న లైటు వెలిగింది. వెక్కిరించి ఉంటే బాగుండేదనిపించింది. ఎదురుమాట దొరికేది.

కోరుట్ల బస్సెక్కాం. సిగ్గు తన మొహం మీద కూడా ఉంది, నా వల్ల వచ్చిన సిగ్గు అది. రేకు తన కొంగు ముడిలో ఉంది. మెట్‌పల్లి వైపు పోయే ఆ బస్సులో కండక్టర్ చిల్లర లేదని విసుక్కున్నాడు. తిట్టు నా నోటిదాకా వచ్చింది. తను కొంగు ముడి గట్టిగా పట్టుకోవడం కనిపించి ఊరుకున్నాను.

దిగే ముందు చేయి చాపాను. "గది ఇటియ్యి."

"పారేస్తవా?"

రేకును అంగీ జేబులో పెట్టుకుని గుండీ పెట్టాను. ఫోను రెండో జేబులో వేసుకున్నాను.