ఇరవై గెంతులు దాటితేనే జోడీ

అసహ్యించుకోవడంలో మా అమ్మమ్మ సునందను మించినవాళ్లు అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా లేరు. ఇంటర్ సగంలో ఆపేసిన నన్ను చూసినా, చల్లారిన చాయ్‌ను చూసినా ఆమె మూతి ఒకే తీరుగా వంకర పోతుంది. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు నాంపల్లి గల్లీలోని ఒక చిన్న ప్రైవేటు బడిలో వారానికి మూడు రోజులు పిల్లల్ని ఆడిస్తుంది.

ఆ బడి కరస్పాండెంట్ వామన్‌రావు ఈ జూలైలో మూడో తరగతికి ఆరు వారాల స్కిప్పింగ్ పాఠం తయారు చేయమన్నాడు. అమ్మమ్మకు తన చేతిరాత కూడా అసహ్యమే కాబట్టి ఆమె చెప్తుంటే నేను రాశాను. మొదటి వారం తాడు లేకుండా గెంతడం: మునికాళ్ల మీద, నేలకు రెండంగుళాలు మించకుండా. రెండో వారం తాడు రెండు కొసలూ ఒకే చేత్తో పట్టుకొని పక్కన తిప్పడం, భుజంతో కాదు, మణికట్టుతో. మూడో వారం ఆ రెండూ కలిపి ఒక్క గెంతు, ఆగి మళ్లీ ఒక్కటి. నాలుగో వారం ఆగకుండా వరుసగా. చివరి రెండు వారాలు జోడీలు, ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకే తాడును చెరో కొస పట్టి తిప్పడం. వాటికి ముందు నా చేత కాగితం మీద ఒక ఎర్రగీత గీయించింది. ఆగకుండా ఇరవై గెంతినవాళ్లే గీత దాటాలి.

తాళ్లు వచ్చిన రోజు ఆమె ముఖం చూడాలి. వామన్‌రావు అబిడ్స్‌లో నైలాన్ తాడు చుట్ట కొని, అందరికీ ఒకే పొడవున కోయించాడు. తాడు మధ్యలో కాళ్లు పెట్టి నిలబడితే కొసలు చంకల దాకా రావాలి. ఇవి పిల్లల నెత్తులు దాటిపోయాయి. అమ్మమ్మ ఒక తాడును చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి చూసింది. ఒక్కో పిల్లను నిలబెట్టి కొలుచుకుంటూ కొసల దగ్గర ముడులు వేయడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ పూటంతా వామన్‌రావు చదువు గురించి ఆమె చెప్పినవి ఇక్కడ రాయలేను.

నాలుగో వారం ముగిసేసరికి ఒక్క భాగ్య తప్ప అందరూ ఇరవై దాటారు. ఆ పిల్ల మూడు దగ్గరే తాడులో చిక్కుకుంటోంది. భాగ్య తండ్రి భూమయ్య స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. ఆరో వారం చివర తల్లిదండ్రుల ముందు జోడీల ఆట ఉందని తెలిసి, ఆ రోజు ఆటో తీయనని బిడ్డకు మాటిచ్చాడు.

వామన్‌రావు మాత్రం ఆ రోజు భాగ్యను గేటు దగ్గర బెలూన్లు పట్టుకొని నిలబడమన్నాడు. అమ్మమ్మ ఆఫీసు గదిలోకి వెళ్లి, ఆడే పిల్లను గేటుకు బొమ్మలా కట్టేయడం ఎంత నీచమో చెప్పింది. ఆయన కోప్పడలేదు. మేము రాసిన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మేడం, గీ గీత మీరే గీసిన్రు గద. నేను మీ రూలే నడిపిస్తున్న."

అమ్మమ్మ ఆ కాగితం తీసుకొని బయటికి నడిచింది. ఆమె తన రూలుకే దొరికిపోవడం నాకైతే పండగే, కానీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, "గా మనిషిని చూస్తే రోత పుడ్తదనుకున్న. నా కాగితం గంతకన్న రోతగుంది" అంది.

మర్నాడు భాగ్యను గెంతమని, తాను నేల మీద కూర్చుని కాళ్లనే చూసింది. ఏం కష్టంగా ఉందని అడిగింది.

"కాళ్లు మంచిగనే దుంకుతయ్ టీచర్. చేతులు ఎనక పడ్తయ్."

అమ్మమ్మ రాణి అనే పిల్లను పిలిచింది. ఆ పిల్ల తాడుకున్న ముడులు నన్ను విప్పమంది. ఇద్దరిని చుట్టి రావాలంటే పొడవు కావాలి. ఆ నైలాన్ తాడు సరిగ్గా సరిపోయింది, అందుకు కూడా అమ్మమ్మ ముఖం చిట్లించింది. ఇద్దరినీ ఎదురెదురుగా దగ్గరగా నిలబెట్టింది. తాడు తిప్పే పని రాణిది. భాగ్య చేతులు కిందికి వదిలేసి, రాణి లెక్కకు గెంతితే చాలు. మొదట తాడు లేకుండా ఇద్దరి గెంతులూ ఒకే లెక్కకు కలిసేలా చేసి, ఆ తర్వాతే తాడు తిప్పించింది. రెండుసార్లు చిక్కుకున్నారు. మూడోసారి పదకొండు గెంతారు.

"ముప్పై ఏండ్లల్ల ఎంతమందిని గోడకు నిలబెట్టిన్నో" అని అమ్మమ్మ మెల్లగా అంది. ఎర్రగీత కొట్టేయమని పెన్ను నా చేతికిచ్చింది. దాని కింద కొత్త మాట రాయించింది: గెంతగలిగినవాళ్లు తిప్పగలిగినవాళ్లతో ఎదురెదురుగా మొదలుపెట్టాలి, పక్కపక్కన నిలబడి చెరో కొస తిప్పే ఆట ఆ తర్వాత. ఆ కాగితం వామన్‌రావు బల్ల మీద పెట్టి, రూలు మారిందని చెప్పి వచ్చింది.

ఆరో వారం శనివారం భూమయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. రాణి, భాగ్య తొమ్మిది దగ్గర ఆగారు, మళ్లీ మొదలుపెట్టి పద్నాలుగు గెంతారు. వామన్‌రావు మైకు పట్టుకొని, ఏ పిల్లనూ వదలకపోవడమే తమ బడి పద్ధతి అన్నాడు. అమ్మమ్మ నా చెవిలో "ఛీ" అని, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.