రంగు కింద కాలు

నేను ఏలూరులో సర్జన్‌గా చేరిన కొత్తలో, కైకలూరు వైపు చేపల చెరువులో పనిచేసే ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. పాదానికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుందట. నీళ్లు శుభ్రపడటానికి చెరువులో చల్లే పర్మాంగనేట్‌తోనే అక్కడివాళ్లు కాలంతా కడిగారు. ఆ గోధుమ రంగు కింద చర్మం నల్లబడటం ఎవరికీ కనపడలేదు. మామూలుగా కనిపిస్తున్న తొడ మీద చెయ్యి వేసినా ఆయన కేకలు పెట్టాడు; కుళ్లు లోలోపల అక్కడిదాకా పాకిందన్నమాట.

"ముందు మందులు ఎక్కించండి డాక్టర్ గారూ. రేపటికి తగ్గకపోతే అప్పుడు కోద్దురుగాని" అంది ఆయన భార్య.

"ఎక్కిస్తున్నామమ్మా! ఏ క్రిమో ఇంకా తెలీదు, అందుకే అన్నిటి మీదా పనిచేసేవి పెట్టాం. వాటిలో క్లిండామైసిన్ అనే మందు, క్రిములు విషం తయారుచేయకుండా ఆపుతుంది. కానీ చచ్చిన కండకి రక్తం పోదు. రక్తం పోనిచోటికి మందెలా పోతుందండీ? రేపటిదాకా ఆగితే కుళ్లు నడుము దాటుతుంది" అని కసిరాను. ఆమె తలూపింది.

థియేటర్లో గాటు పెడితే చీము రాలేదు, కుడితినీళ్లలాంటిది కారింది. చర్మం కింది పొర వేలు పెడితేనే విడిపోయింది. నెత్తురు చిందే కండ తగిలేదాకా కోసుకుంటూ పోయాను. మర్నాడు మళ్లీ విప్పి, ఇంకొంత తీశాను.

ఆయన బతికాడు. కట్టు మార్చేటప్పుడు చర్మం లేని కాలు చూసి ఆమె మెల్లగా అడిగింది: "డాక్టర్ గారూ, మందులతోనే తగ్గిపోయేదేమో కదండీ?"

ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటి రోగుల్ని కోయొద్దని పట్టుబట్టి తీసుకెళ్లిన వాళ్ల ఇళ్ల నుంచి, ఆ మాట అడగడానికి ఎవరూ తిరిగి రాలేదు.