మునివెంకటప్ప ఎత్తిన చెయ్యి

ఏర్పేడు చుట్టుపక్కల ఏ పెళ్ళిలోనైనా తాళి కట్టేది పెళ్ళికొడుకే గానీ, కట్టించేది మాత్రం మునివెంకటప్ప చెయ్యి.

ఆయనేమీ పురోహితుడు కాదు. కొంచెం వేరుశనగ చేను, ఒక పాత లారీ, మొలలో ముక్కుపొడి డబ్బా, అంతే ఆయన ఆస్తి. అయితే తాళి మెడ దగ్గరికి చేరే క్షణంలో తుమ్ముగానీ, చెడ్డమాటగానీ ఎవరి చెవినా పడకూడదు గదా. అందుకే డోళ్ళూ నాదస్వరాలూ ఒక్కసారిగా విరుచుకుపడాలి. ఆ గట్టిమేళానికి సైగ చేసే పని ఎప్పుడో చిన్నవయసులో ఆయన మీద పడింది. మరి దిగలేదు. ముందు వరసలో కూర్చుని కుడిచెయ్యి పైకెత్తితే చాలు, డోలు వాయించే ఓబయ్య పందిట్లో ఏ మూలనున్నా చూస్తాడు. చెయ్యి ఊపితే మేళం ఇంకా జోరందుకుంటుంది. దించితే ఆగిపోతుంది. "మా ఆయన చెయ్యి నా మాట వినదు, ఓబయ్య డోలు మాత్రం ఆ చెయ్యి మాట వింటాది" అనేది ఆయన భార్య పంకజాక్షి.

అటువంటి మనిషికి తాళీ మేళమూ లేని పెళ్ళి ఒకటి ఎదురైంది.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద జగ్‌తార్ సింగ్ అని లారీ సామాన్ల అంగడి ఆయన ఉండేవాడు. పంజాబు నుంచి లారీ తోలుకుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాడు. అందరికీ ఆయన సర్దారప్ప. మునివెంకటప్ప లారీ ఇంట్లో కంటే ఆ అంగడి ముందే ఎక్కువ కాలం గడిపింది గనుక ఇద్దరికీ స్నేహం కుదిరింది. సర్దారప్ప కూతురు పర్మిందర్‌ను ఇంట్లో పమ్మి అంటారు. తిరుపతిలోనే పుట్టింది, తిరుపతి తెలుగే మాట్లాడుతుంది. మునివెంకటప్పను పెదనాయనా అని పిలుస్తుంది.

పమ్మికి లూధియానా సంబంధం కుదిరింది. పెళ్ళి తిరుపతిలోనే జరగాలని ఆ పిల్ల పట్టుబట్టింది. పెళ్ళికొడుకు తరఫున పెద్దరికం చేసే చిన్నాన్న ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టాడు. "అక్కడివాళ్ళకు మన మర్యాద తెలియదు. గురువు ఎదుట కాళ్ళు చాపుతారు, లేచి తిరుగుతారు. అటువంటిదేమైనా జరిగితే పెళ్ళి అక్కడితో ఆపించి మద్రాసు గురుద్వారాలో చేయిస్తాను."

సర్దారప్ప ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి ఈ సంగతి చెప్పాడు.

"మనోళ్ళ పూచీ నాది సర్దారప్పా" అన్నాడు మునివెంకటప్ప. "ఈగ గూడా కాలు చాపదు."

"ముందు నువ్వు నేర్చుకో పెదనాయనా" అంది పమ్మి.

నేర్పడానికి ఏర్పేడు వచ్చింది కూడా. ఇంటి నట్టింట్లో జంబుఖానా పరిచి, "ఎదురుగా గురుగ్రంథ సాహిబ్ ఉంటాది" అంది. మునివెంకటప్ప గుర్తు కోసమని ఒక పీట తెచ్చి పెట్టబోతే వారించింది.

"దానికి బదులుగా ఏమీ పెట్టకూడదు. ఉత్తి పుస్తకం కాదది, మా గురువు. ఉండాదని అనుకో, చాలు."

చెప్పులు బయట విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. ఆడా మగా తల కప్పుకోవాలి. లోపలికి వస్తూనే నేలకు నుదురు ఆనించి మొక్కాలి. కుర్చీలుండవు, అందరూ నేల మీదే. కాళ్ళు మడుచుకోవాలి గానీ గురువు వైపు చాపకూడదు, వీపు తిప్పకూడదు. చుట్లు తిరిగేటప్పుడు మాటలు లేవు, లేవడం లేదు.

"పొగాకు మాత్రం గేటు లోపలికే రాకూడదు" అంది పమ్మి, ఆయన మొల వైపు చూస్తూ.

"ఇది పొడి గదమ్మా, పొగాకు యాడుండాది?"

"దేన్ని దంచితే వచ్చింది పెదనాయనా ఆ పొడి?"

పంకజాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత చుట్ల సంగతి వచ్చింది. పెళ్ళికొడుకు భుజం మీద పల్లా అని పొడుగాటి కండువా ఉంటుంది, దాని చివర పెళ్ళికూతురి చేతిలో పెడతారు. ఆయన ముందు, ఆమె వెనక. గురువు కుడిచేతి వైపు ఉండేటట్టు, మన ప్రదక్షిణం మాదిరే నాలుగు చుట్లు. మునివెంకటప్ప కండువా చివర పంకజాక్షి పట్టుకుని ఒక చుట్టు నడిచి చూసింది.

"మనదాంట్లో ముడేస్తారు, వీళ్ళదాంట్లో ఊరికే పట్టుకుంటారు. ఇదే మేలు మే పమ్మీ, చెయ్యి నొప్పేస్తే వదిలేయొచ్చు."

"వదలకూడదు పెద్దమ్మా, నాలుగూ అయ్యేదాకా పట్టుకోవల్లంటేనే గదా కష్టం."

అన్నీ బాగానే ఉన్నాయి గానీ మేళం లేదన్న బాధ మునివెంకటప్పను తొలిచింది. చివరికి సర్దారప్పను బతిమాలి, గేటు బయట ఓబయ్య మేళం పెట్టించాడు, పెళ్ళి పూర్తయ్యాక వాయించేటట్టు. "నేను చెయ్యెత్తితేనే వాయించల్ల, అంతదాకా డోలు ముట్టుకోవద్దు" అని ఓబయ్యకు గట్టిగా చెప్పాడు. అదే కొంప ముంచింది.

పెళ్ళినాడు పొద్దున్నే మద్రాసు నుంచి వ్యాన్ వచ్చింది. తలమీద గురుగ్రంథ సాహిబ్‌ను పెట్టుకుని ఒకాయన దిగితే, ముందు ఒకరు నీళ్ళు చల్లుతూ నడిచారు. అందరూ వట్టికాళ్ళతో నిలబడ్డారు. కల్యాణ మండపంలో చాందినీ కింద మెత్తల మీద ఉంచి, పట్టువస్త్రాలు కప్పి, వెనక నిలబడి వింజామర వీచసాగారు. గురువు కంటే ఎత్తులో ఎవరూ కూర్చోకూడదని మేడమీద గదికి తాళం వేశారు. కుర్చీ ఎక్కబోయిన ఫోటోగ్రాఫర్‌ను మునివెంకటప్ప చొక్కా పట్టి దించాడు.

గేటు దగ్గర ఆయన హోదా చూడాలి! నెత్తిన కాషాయం చేతిరుమాలు కట్టుకుని, ఏర్పేడు నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ తడిమి లోపలికి పంపాడు. కొంగుల్లో అక్షింతలు విప్పించాడు.

"అక్షింతలు గూడా తప్పేనా అబ్బా?" అంది జ్ఞానాంబ అనే ముసలామె.

"ఆడ చల్లేది లేదు అత్తా. మనసులో చల్లుకో."

చివరికి తన ముక్కుపొడి డబ్బా కూడా ఓబయ్య చేతిలో పెట్టి, బంగారం కుదువ పెట్టినవాడిలా దిగులుగా లోపలికి నడిచాడు. అలవాటు కొద్దీ ముందు వరసలోనే కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. అక్కడి నుంచి ఓబయ్యకు ఆయన వీపు, నెత్తిన రుమాలు బాగా కనిపిస్తున్నాయి.

కీర్తనలు పాడేవాళ్ళు హార్మోనియం, తబలా ముందు పెట్టుకుని పాడుతున్నారు. పెళ్ళికొడుకు వచ్చి మొక్కి కూర్చున్నాడు. పమ్మి వచ్చి అతని ఎడమపక్కన కూర్చుంది. ఆ ఇద్దరూ, వాళ్ళ తల్లిదండ్రులూ మాత్రం నిలబడగా, గురుగ్రంథం చదివి పెళ్ళి జరిపించే గ్యానీజీ ప్రార్థన చేశాడు. దంపతులు ఎలా మెలగాలో నాలుగు మాటలు చెప్పాడు. సరేనన్నట్టు ఇద్దరూ నేలకు తల ఆనించారు. సర్దారప్ప పల్లా చివర కూతురి చేతిలో పెట్టాడు.

గ్యానీజీ మొదటి చుట్టు పాఠం గురుగ్రంథంలో చూసి చదివాడు. ఇద్దరూ విని, మొక్కి లేచారు. అదే పాఠాన్ని గాయకులు పాడుతుంటే నెమ్మదిగా చుట్టూ నడిచారు. పమ్మికి దారి పొడుగునా అన్నలూ తమ్ముళ్ళూ నిలబడి చెయ్యి అందించారు. తిరిగి ఎదుటికి వచ్చి మొక్కి కూర్చున్నారు. హాలులో చీమ చిటుక్కుమనలేదు. మునివెంకటప్ప ఓరకంట చిన్నాన్న వైపు చూసి మీసం సర్దుకున్నాడు.

రెండో చుట్టు చదివారు. ఇద్దరూ లేచారు. గాయకులు పాట అందుకున్నారు. సరిగ్గా అప్పుడే పొద్దుటి నుంచి పొడి ఎరగని ముక్కు తిరగబడింది.

శుభకార్యంలో తుమ్మా! పైగా తన ముక్కు నుంచా! ముక్కు నులుముకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, వేంకటేశ్వరుణ్ణి తలుచుకున్నాడు. ఆగలేదు. హాలు అదిరేటట్టు ఒక్క తుమ్ము వచ్చింది. ఆ అదురుకు నెత్తి మీది రుమాలు జారింది. తల బోసి కాకూడదు గదా, రుమాలు పట్టుకోవడానికి కుడిచెయ్యి చటుక్కున పైకి లేచింది.

గేటు దగ్గర ఓబయ్య ఆ చేతిని చూశాడు.

గట్టిమేళం!

రెండు డోళ్ళు, రెండు నాదస్వరాలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. మునివెంకటప్ప "వద్దు వద్దు" అన్నట్టు ఎత్తిన చెయ్యినే ఊపాడు. ఊపేకొద్దీ ఓబయ్య రెచ్చిపోయాడు. వెనక మనవాళ్ళకు అది విన్నాక ఒళ్ళు ఆగుతుందా? సగం మంది చేతులు లేని అక్షింతల కోసం కొంగుల్లో వెతికాయి. మొదటి బంతికి లేద్దామని ఇద్దరు ముగ్గురు మోకాళ్ళ మీదికి వచ్చారు. చిన్నాన్న కళ్ళెర్రజేసి చూశాడు. పమ్మి అడుగు ఒక్క క్షణం తడబడింది. కానీ చేతిలో పల్లా వదల్లేదు. గాయకులు పాట ఆపలేదు.

లేచి అరవడానికి వీల్లేదు. వెనక్కి తిరగడానికి వీల్లేదు. ఇక మునివెంకటప్పకు తోచింది ఒక్కటే. ఎడమచేత్తో రుమాలు అదిమిపెట్టి, కుడిచెయ్యి పొట్ట కింద దాచుకుని, నుదురు నేలకు ఆనించేశాడు.

చెయ్యి కనబడకపోయేసరికి డోలు టక్కున ఆగింది. ముందు వరసలో పెద్దాయన పడి మొక్కుతున్నాడంటే అదీ పద్ధతే కాబోలుననుకుని పంకజాక్షి వంగింది. జ్ఞానాంబ వంగింది. లేవబోయినవాళ్ళు లేవకుండానే వంగారు. అలలాగా హాలంతా వంగింది. పాట ముగిసేసరికి పమ్మి రెండో చుట్టు ముగించి, గురువు ఎదుట తనూ వంగింది.

మూడో చుట్టూ, నాలుగో చుట్టూ మునివెంకటప్ప తన చేతుల మీద తానే కూర్చుని చూశాడు. తల ఎత్తి స్నేహితుడి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆనందగీతం పాడారు. అందరూ లేచి చేతులు జోడించి నిలబడితే పెద్ద ప్రార్థన జరిగింది. గురుగ్రంథంలో తెరిచిన పుటలో నుంచి ఆనాటి మాట చదివారు. మళ్ళీ కూర్చున్నాక, నెయ్యి కారే గోధుమపిండి ప్రసాదం పంచుతూ వచ్చారు. దోసిలి పట్టాలి గనుక ఆయన చేతులు బయటికి తీయక తప్పలేదు.

అప్పుడు చిన్నాన్న లేచి గ్యానీజీ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని మునివెంకటప్ప వైపు చూశారు. సర్దారప్ప గడ్డం నిమురుకుంటూ దగ్గరికొచ్చాడు.

"నీ మాట చెడగొట్టినాను సర్దారప్పా" అన్నాడు మునివెంకటప్ప. ప్రసాదం ఇంకా దోసిట్లోనే ఉంది.

"గ్యానీజీ ఏమన్నాడో ఇను. రెండో చుట్టు పాట చివర ఎవరూ వాయించకుండానే లోపల నాదం మోగుతాదని ఉండాది. ఇన్నేళ్ళుగా పాడతా ఉండాము, ఈ ఊర్లోవాళ్ళు వాయించే చూపించినారని నవ్వినాడు."

"మరి ఆ చిన్నాయన?"

"ఆయన కోపంగానే ఉన్యాడు. మేళం బయట కొట్టినా తప్పు తప్పే అన్నాడు. కానీ అంతమంది ఒకేసారి మొక్కింది లూధియానాలో గూడా చూడలేదన్నాడు. ఇంక మద్రాసు మాట ఎత్తలా."

మునివెంకటప్ప దోసిట్లో ప్రసాదం అంతా ఒక్క ముద్దలో మింగేశాడు.

అందరూ పంక్తిగా నేల మీద కూర్చుని రొట్టె, పప్పు తిన్నారు. పెళ్ళికూతుర్ని పంపే వేళయింది. గేటు బయట కారు ఆగింది. ఓబయ్య డోలు మెడకు తగిలించుకుని ఎదురుచూస్తున్నాడు. డోలు కర్ర కదలడం లేదు. ఇప్పుడు వాయించవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ చెయ్యి లేవాలి గదా.

మునివెంకటప్ప చెయ్యి లేవలేదు. అది కండువాతో కళ్ళు తుడుచుకోవడంలో ఉంది.

"పెదనాయనా, ఎత్తు" అంది పమ్మి.

"ఇంక ఎత్తనమ్మా. ఈ చేతిని నమ్మలేను."

పమ్మి కారెక్కబోతున్నదల్లా వెనక్కి వచ్చింది. పొద్దుటి నుంచి పల్లా పట్టుకుని గాజుల బరువుతో అలిసిన చేత్తోనే ఆయన కుడిచెయ్యి పట్టుకుని, తలకంటే పైకి ఎత్తింది.