రెండు వారాల సంతకం

రిహానా మంచిపిల్లే. ఆ మాట ముందే చెప్పేస్తా, లేకుంటే మీరు తొందరపడి తిట్టుకుంటారు. రోజూ పెనుకొండలో బస్సెక్కి హిందూపురం వచ్చి, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ చూస్తుంది. ఉద్యోగం వదలకుండానే జర్మనీ యూనివర్సిటీలో పార్ట్‌టైం మాస్టర్స్ చేయాలని రెండేండ్లుగా ఒకటే పట్టు. పాఠాలు ఆన్‌లైన్లోనే. ఏటా అక్టోబరు మొదటి రెండు వారాలు మాత్రం ఆడికి పోవాల. అందుకే దరఖాస్తుతో పాటు, 'మాకు అభ్యంతరం లేదు, ఆ రెండు వారాలు సెలవిస్తాం' అని కంపెనీ లెటరు పెట్టమన్నారు.

హెచ్చార్ మేనేజరు వెంకటేశ్వర్లు కాదనలేదు. "ఇస్తాలేమ్మా. ఫీజు కంపెనీ కట్టదని రాసియ్యి. నువ్వు లేనప్పుడు నీ లైను ఎవరు చూస్తారో వాళ్ల సంతకం పట్టుకొని రా," అన్నాడు.

ఇంకెవరు చూస్తారు? ఆ లైను పని తెలిసింది, పక్క లైనులో పనిచేసే నీలావతక్క ఒక్కదానికే. వచ్చిన చిక్కల్లా ఆడనే. నీలావతి చెల్లెలికి మూడుసార్లు కడుపు పోయి, ఇప్పుడు మళ్లీ రెండో నెల. అక్టోబరులో కాన్పు, పక్కన తనే ఉండాలని నీలావతి చెప్పింది. ఆఫీసులో ఎవరికీ తెలీదు. నమ్మి రిహానా ఒక్కదానికే చెప్పుకుంది.

దరఖాస్తుకు గడువు సోమవారం సాయంత్రం. ఆదివారం రిహానా కాగితం పట్టుకొని ధర్మవరంలో నీలావతి ఇంటికి పోయింది. నీలావతి బజ్జీలు వేస్తాంది, చేతులు పిండిపిండిగా ఉన్నాయి. "నువ్వే చదివి చెప్పు పాపా," అనింది. రిహానా చదివింది. అంతా చదివి, అక్టోబరు అనే ముక్క మాత్రం మింగేసింది. ఛీ, ఆ నోరెట్లా వచ్చిందో! నీలావతి చేతులు తుడుచుకొని సంతకం చేసి, వేడివేడి బజ్జీలు పెట్టింది. రిహానా ఒక్కటీ ముట్టకుండా బస్సుకు టైమైందని లేచింది.

సోమవారం మధ్యాహ్నానికి లెటరు చేతికొచ్చింది. స్కాన్ చేసి అప్‌లోడ్ చేసింది. దరఖాస్తు అందిందని మెయిల్ కూడా వచ్చింది. రెండేండ్ల కోరిక తీరిన పిల్ల ఎగిరి గంతేయాల కదా? గంతేయలేదు. ఇంక తట్టుకోలేక క్యాంటీన్‌కు పోయి, నీలావతి ముందర కూర్చొని ఉన్నదంతా కక్కేసింది.

"తప్పు చేసినానక్కా. అక్టోబరని నీకు కావాలనే చెప్పలేదు."

నీలావతి తిట్టలేదు. తిట్టింటే బాగుండు. "అడిగింటే వద్దంటానా? ఆ పదైదు దినాలూ చెల్లెలి దగ్గరికి మా అమ్మను పంపిస్తుంటి," అనింది. అంతలోనే తలెత్తి అడిగింది: "లెటరు పంపించినాక చెప్తాండావా, పంపించకముందా?"

అబద్ధమాడేందుకు ఈసారి నోరు రాలేదు రిహానాకు.

"పంపించినాకే అక్కా."

నీలావతి టిఫిన్ బాక్సు మూసుకొని లైనుకు పోయింది.