పెట్టెలో దాచిన ఓడ కాగితం

బుట్టలక్క మొదటి గెలుపు పన్నెండు బుట్టలు. అంచు సమంగా లేదని మూడుసార్లు తిప్పి పంపిన పెద్ద దుకాణం యజమాని నాలుగోసారి పన్నెండింటినీ తిరగేసి, బోర్లేసి, మీద కూర్చుని కూడా చూసి, ఒక్కటీ వెనక్కి నెట్టకుండా తీసుకున్నాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని అల్లిన బుట్టలవి.

ఆ తరవాతవీ తక్కువేమీ కావు. అద్దె వరండా పోయి సొంత రేకుల షెడ్డు వచ్చింది. తను కాక పదకొండు మంది ఆడవాళ్ళకు పని వచ్చింది. వాన పడినా బూజు పట్టని విధంగా బెత్తాన్ని పొగబెట్టే పద్ధతి ఆమె సొంతంగా కనిపెట్టిందే; తరవాత నలుగురు వచ్చి నేర్చుకుపోయారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి ఎగుమతి లైసెన్సు తెచ్చుకుంది. యాభై మూడో ఏట, ఓడ మీద సరుకు పంపింది. ఎవరో పెట్టిన భిక్ష కాదు ఇందులో ఏదీ. అందుకే, ఆ ఓడ సరుకు దగ్గర ఆమె చేసిన పని కూడా దాచకుండా చెప్పుకోవాలి.

సముద్రం అవతల ఒకావిడ కొత్తగా దుకాణం తెరుస్తూ ఆరువందల నలభై బుట్టలు అడిగింది. సగం డబ్బు ముందే పంపింది. సరుకు చిన్న కంటెయినర్‌కెక్కి, ఓడ బయలుదేరిన మూడో రోజు, రేవు దగ్గర గుమాస్తాగిరీ చేసే ఏజెంటు ఆమెను తన గదికి పిలిచాడు. బల్ల మీద కాగితాలు పరిచాడు.

"ఇదేనమ్మా బిల్ ఆఫ్ లేడింగ్. సరుకు ఓడ మీద ఎక్కిందని కంపెనీ ఇచ్చిన రసీదు. ఫలానా రేవుకు చేరుస్తామని ఒప్పుకున్న మాట కూడా ఇందులోనే ఉంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇది సరుకు మీద హక్కు. వెనక నువ్వు సంతకం పెట్టిచ్చాక ఇది ఎవరి చేతిలో ఉంటే బుట్టలు వాళ్ళవి."

"అంటే పొలం దస్తావేజులాంటిదన్నమాట."

"కొంచెం అలాంటిదే. కాకపోతే పొలం కదలదు, ఇది సముద్రంలో పోతోంది." ఏజెంటు నవ్వాడు. "అసలువి మూడు ఇస్తారు. మూడూ ఒకటే. ఏ ఒక్కటి చూపించి సరుకు విడిపించుకున్నా మిగతా రెండూ చెల్లవు. ఈ పక్కవి ఉత్త నకళ్ళు, చూసుకోవడానికే. నకలు చూపిస్తే అక్కడి రేవులో గేటు కూడా తియ్యరు. ఆవిడ మిగతా డబ్బు వేసిందనగానే అసలువి మూడూ కొరియర్‌లో పంపెయ్. ఆలస్యం చెయ్యకు."

బుట్టలక్క తల ఊపింది. విన్నది అంతా విన్నట్టే ఉంది. కానీ చెవిలో నిలిచింది మాత్రం 'దస్తావేజు' అన్న తన మాటే.

ఆమె తండ్రి ఒకసారి పొలం కాగితం అసలుది పక్కింటాయన చేతికిచ్చాడు, చూసి ఇచ్చేస్తానంటే. కాగితమూ రాలేదు, పొలమూ మిగల్లేదు. చచ్చేదాకా ఆయన పిల్లలకు చెప్పిన పాఠం ఒక్కటే: అసలు కాగితం గడప దాటకూడదు, ఎవరడిగినా నకలే ఇవ్వాలి. ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ ఆఫీసుకు వెళ్ళినా అదే చేసింది, ఎక్కడా పని ఆగలేదు.

డబ్బు పడిందని ఫోను రాగానే ఆమె సంతకం పెట్టిన మూడు అసలు కాగితాల్నీ గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టింది. మూడు నకళ్ళను కవరులో పెట్టి, అంచు జిగురుతో అంటించింది. భర్త బుట్టల అడుగులు కడుతూ ఓరగా చూశాడు.

"ఏజెంటు అసలువి పంపమన్నాడన్నావుగా?"

"ముందు ఇవి చూడనీ. సరిపోతే సరిపోయాయి. లేకపోతే అప్పుడే పంపుదాం. అసలువి పోతే ఎవరిస్తారు?"

"నీ తెలివి నీది," అన్నాడాయన. అంతకు మించి ఏ విషయంలోనూ ఆయన వాదించడు.

మధ్యాహ్నం కొరియర్ అతను వచ్చాడు. పదేళ్ళుగా ఆ షెడ్డుకు వచ్చే మనిషి, ఎప్పుడూ సైకిలు గోడకానించి మంచినీళ్ళడిగేవాడు.

"ఏం పంపుతున్నావక్కా? అల్లిన వాటిని కవర్లో కుక్కావా ఏంటి?"

"ఓడ కాగితాలు తమ్ముడూ, మూడు."

కవరు మూయకముందే లోపల ఏముందో చూసి రాయాలని వాళ్ళ కంపెనీ నియమం. కవరు అప్పటికే అంటించి ఉంది. అక్క ఎదురుగా దాన్ని చించడం అతనికి మర్యాదగా తోచలేదు. ఓడ కాగితాలంటే ఎవరైనా పంపేవి అసలువే కదా అనుకుని, రసీదు మీద 'అసలు ఓడ కాగితాలు – 3' అని రాసి, చూసినట్టు సంతకం పెట్టి వెళ్ళాడు. ఆమె రసీదు చదివింది. 'అసలు' అన్న మాట దగ్గర కళ్ళు ఆగాయి. రసీదు మడిచి కొంగున ముడేసుకుంది.

ఐదు రోజులకు అవతలావిడ ఫోను చేసింది. కవరులో నకళ్ళే ఉన్నాయి, అసలువి ఎక్కడ అని. ఆ గొంతులో కోపం లేదు, ఉత్త కంగారు.

నిజం చెప్పడానికి నోరు తెరిచింది బుట్టలక్క. అయితే ఆ క్షణంలో ఆమె కంటి ముందు నిలిచినవి పదకొండు మంది ఆడవాళ్ళు, లైసెన్సు, షెడ్డు. అంత పేరు తెచ్చుకున్న మనిషి నకలుకీ అసలుకీ తేడా తెలియని దద్దమ్మ అనిపించుకోవాలా? "అసలువే పంపానమ్మా," అంది. "కొరియర్‌లో ఏదో జరిగుంటుంది. రసీదు నా దగ్గరుంది."

అదే రోజు నిజం చెప్పి, పెట్టె తెరిచి కాగితాలు పంపి ఉంటే ఓడకన్నా ముందే చేరేవి. ఆ లెక్క ఆమెకూ తెలుసు. తెలిసే, మరునాడు కొరియర్ కంపెనీకి ఫిర్యాదు మీద సంతకం పెట్టింది.

ఓడ చేరింది. కంటెయినర్ దిగింది. దుకాణం తెరవాల్సిన రోజు దాటింది. కాగితాలు పోయాయని తెలిసి ఓడ కంపెనీ మరింత బిగిసింది: పోయిన కాగితం రేపెవడో పట్టుకొస్తే తామేం చెయ్యాలి, అందుకని బ్యాంకు హామీ ఇస్తేగాని కొత్తవి ఇవ్వమంది. ఏజెంటు తల పట్టుకున్నాడు. "సరుకు విలువకన్నా ఎక్కువ హామీ అడుగుతున్నారమ్మా. మనలాంటి వాళ్ళకు ఏ బ్యాంకు ఇస్తుంది? పైగా సరుకు నిలిచిపోయినందుకు అక్కడ రోజుకింత నేల అద్దె పడుతోంది."

ఆమె కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళడం మానేసింది. చీర కావాలన్నా భర్తనే తెమ్మనేది.

ఫిర్యాదు ఇచ్చిన పదకొండో రోజు ఉదయం కొరియర్ అతను నడిచి వచ్చాడు. సైకిలు లేదు, కంపెనీ తీసేసుకుంది.

"కూర్చో తమ్ముడూ," అంది.

"కూర్చోనక్కా, ఎక్కువ సేపు ఉండను. పనిలోంచి ఆపేశారు. కాగితాలు నేను తీసుండాలి, లేదా చూడకుండా రాసుండాలి అంటున్నారు. రెండోది నిజమే, ఒప్పుకున్నాను. చూడకుండానే రాశాను." అతను చేతిలో టోపీ తిప్పాడు. "దొంగ అన్నారే, అది తట్టుకోలేకపోతున్నానక్కా. పంతొమ్మిదేళ్ళు చేశాను. నువ్వు పదేళ్ళుగా చూస్తున్నావు కదా, నేను తీసే మనిషిని కాదని ఒక్క ముక్క రాసిస్తే చాలు. నీ మాటకు విలువుంది."

ఆమె లేచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందిస్తుంటే నీళ్ళు అతని చేతి మీద ఒలికాయి.

"కంగారు పడకక్కా. నీ సరుకు పోయి నువ్వూ బాధలోనే ఉన్నావు. నేనొచ్చి నా ఏడుపు చెప్తున్నాను చూడు."

ఆ ఓదార్పు ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, గుడ్డ మూట తెచ్చి అతని ముందు విప్పింది. మూడు కాగితాలు, మూడింటి వెనకా ఆమె సంతకం.

అతను ఒక్కో కాగితాన్నీ తిప్పి చూశాడు.

"ఇవి... ఇంట్లోనే ఉన్నాయా?"

"నేనే దాచాను. నువ్వు రాసింది తప్పని రసీదు చూసిన క్షణమే తెలుసు. తెలిసే నీ మీదకు తోశాను."

అతను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "మా ఆవిడ పుట్టింటి వాళ్ళకు మొహం చూపించట్లేదక్కా వారం నుంచి," అని మాత్రం అన్నాడు.

గంటలో ఆమె ఏజెంటు గదిలో ఉంది. ఏజెంటు కాగితాలు చూసి, ఆమెను చూసి, మళ్ళీ కాగితాలు చూశాడు.

"పెట్టెలో పడుకోబెట్టావా తల్లీ, బుట్టలు అక్కడ ఎండుతుంటే? ముందే చెప్తే..."

"తిట్లు తరవాత తింటానయ్యా. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇవి మళ్ళీ కొరియర్‌లో పంపక్కర్లేదు. మూడూ ఇక్కడే ఓడ కంపెనీకి అప్పగిద్దాం. వాళ్ళు వెనక్కి తీసుకున్నట్టు ముద్ర వేసి, అక్కడి వాళ్ళకు సందేశం పెడతారు. అప్పుడు కాగితం చూపించకుండానే ఆవిడకు సరుకు ఇస్తారు. మూడిట్లో ఒక్కటి తగ్గినా ఒప్పుకోరు. పోయాయని ముందు చెప్పినందుకు, దొరికాయని నువ్వు రాసిచ్చి సంతకం పెట్టాలి."

రాసిచ్చింది. ఓడ కంపెనీ గుమాస్తా మూడు కాగితాల్నీ వెలుగుకు పట్టి చూసి, వెనక సంతకాలు సరిచూసి, ముద్ర వేశాడు. మరునాటికి సందేశం చేరింది. నాలుగో రోజున అవతలావిడ బుట్టలు విడిపించుకుంది. నేల అద్దె అంతా తనే భరిస్తానని బుట్టలక్క ఫోనులో చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. "మళ్ళీ ఆర్డరు గురించి ఆలోచించి చెప్తాను," అందావిడ. ఇన్నాళ్ళూ ఆ ఆర్డరు పోతుందనే భయపడింది బుట్టలక్క. ఇప్పుడు పోయినా పోనీ అనిపించింది. అది డబ్బుతో తీరే తప్పు.

తీరనిది ఇంకొకటుంది. కొరియర్ కంపెనీ వాళ్ళకు జరిగింది రాసి పంపింది. వాళ్ళు ఒప్పుకోలేదు. ముందు ఒక సంతకంతో ఫిర్యాదు, ఇప్పుడు అదే సంతకంతో ఇంకో మాట, ఏది నమ్మాలి? కొరియర్ అతనే ఆమెను మొహమాటపెట్టి రాయించుకుని ఉండొచ్చన్నారు. పెద్ద ఆఫీసులో విచారణ పెట్టారు. ఆమె స్వయంగా వచ్చి అందరి ముందూ చెప్పాలి. రెండు పగళ్ళ రైలు ప్రయాణం.

షెడ్డులో పదకొండు మందిని కూర్చోబెట్టి ఆమే చెప్పింది, ఎందుకు వెళ్తోందో, ఏం చేసిందో. ఒక్కరూ తలెత్తలేదు. చివరికి వాళ్ళలో పెద్దావిడ, "నువ్వే ఇట్లా చేశావంటే మేమెవరి పేరు చెప్పుకోవాలే?" అంది.

ప్రయాణం రోజు భర్త సంచి సర్దుతూ, "నన్నూ రమ్మంటావా?" అన్నాడు.

"వద్దు. నువ్వుంటే నీ వెనక నిలబడతాను."

స్టేషన్లో కొరియర్ అతను దూరంగా వేరే బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె రెండు టికెట్లు తీసి ఒకటి ఇవ్వబోతే, నా టికెట్టు నేను తీసుకున్నానన్నాడు. అయినా రైలు వచ్చినప్పుడు ఆమె సంచి అందుకుని పైకి పెట్టాడు. విచారణ పద్నాలుగున. అక్కడ ఆమె మొదటగా చెప్పాల్సిన వాక్యం ఆమెకు కంఠతా వచ్చు: తప్పు నాది, అతనిది కాదు. రెండు పగళ్ళు వెళ్ళడానికి, రెండు పగళ్ళు రావడానికి, మధ్యలో ఒక్క రోజు. బుట్టలక్క తిరిగి ఇంటికి చేరేది పదహారో తేదీ సాయంత్రం.