ఆపి ఉంచిన వరుసలు

మా ఆఫీసులో ఆమెను అందరూ షీటక్క అనేవాళ్ళం. ఆసుపత్రి పాత భవనంలోని డయాలసిస్ విభాగాన్ని కొత్త భవనంలోకి మార్చే ప్రాజెక్టు మాది. అందులో ఎవరేం చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి అన్నదంతా ఒక ఎక్సెల్ షీటులో ఉండేది. ఆ షీటు ఆమెది. పధ్నాలుగేళ్ళు టైపిస్టుగా చేసి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద కోఆర్డినేటరుగా ఈ పనిలోకి వచ్చింది. భర్త కుట్టుమిషను దుకాణం మూతపడ్డాక ఇంట్లో వంట ఆయనదే, జీతం ఈమెది ఒక్కటే. మధ్యాహ్నం డబ్బా తెరిచి, "ఇవాళ ఉప్పు రెండుసార్లు వేశాడు మహానుభావుడు" అంటూనే మెతుకు మిగల్చకుండా తినేది.

షీటులో నూట అరవై వరుసలు. ఒక్కో వరుసకు పని, అది ఎవరిది, గడువు, స్థితి. స్థితి గడిని నొక్కితే నాలుగు మాటల జాబితా తెరుచుకుంటుంది: మొదలుకాలేదు, జరుగుతోంది, ఆపి ఉంచాం, పూర్తయింది. మనం ఎంచుకున్న మాటను బట్టి మొదటి పేజీలో రెండు పెద్ద అంకెలు మారతాయి. ఒకటి ఎంత శాతం పూర్తయిందో, రెండోది గడువు దాటినవి ఎన్నో. రెండోది ఎర్రగా ఉంటుంది. శుక్రవారం పది గంటల సమావేశంలో పెద్ద డాక్టరమ్మ గోడ మీద ఆ రెండు అంకెలే చూసేది.

షీటక్కకు రెండు పట్టింపులు. వరుస ఎవరిదో వాళ్ళే మార్చాలి, ఎంత తొందరైనా ఆమె ఇంకొకరి గడి ముట్టదు. బుధవారం నాడు అందరికీ ఫోన్ చేసి, పూర్తయిందని చెప్పినవాడినల్లా ఒకటే ప్రశ్న అడుగుతుంది. "కళ్ళతో చూశావా?" చూడనివాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. అందులో నేనూ ఒకణ్ణి.

మాకూ ఒక తెలివి ఉండేది. రెండేళ్ళ క్రితం, ఓడలో వస్తున్న మిషన్లు ఆలస్యమైతే మా మీద ఎరుపు ఎందుకని మేనేజరుగారు గొడవపెట్టి, 'ఆపి ఉంచాం' అన్న వరుసలను రెండు లెక్కల్లోంచీ తీయించాడు. అంటే అవి గడువు దాటినవాటిలోకి రావు, శాతం కట్టే మొత్తంలోకీ రావు. దారి దొరికితే ఊరుకుంటామా? గురువారం సాయంత్రం నాలుగింటికి ఎరుపెక్కిన వరుసలన్నీ ఆపి ఉంచేవాళ్ళం, శుక్రవారం భోజనాలయ్యాక మళ్ళీ 'జరుగుతోంది' చేసేవాళ్ళం. దానికి మా పేరు పడుకోబెట్టడం. "నీవి ఎన్ని పడుకున్నాయిరా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్ళం.

నీళ్ళ ప్లాంటు నాది. డయాలసిస్‌లో ఒక్కో మనిషికి ఒక్కో పూట నూట ఇరవై లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్ళు కావాలి. మధ్యలో పల్చటి పొర ఒక్కటే అడ్డం, దానికి అటు మనిషి నెత్తురు, ఇటు ఆ నీళ్ళు. మొదటి పరీక్షలో సూక్ష్మజీవులు ఎక్కువున్నాయని తేలితే పైపులన్నీ మందుతో కడిగించాను. మళ్ళీ సాంపిల్ తీసి ల్యాబుకు పంపాలి, ఫలితానికి వారం పడుతుంది. గడువు దాటడంతో ఒక గురువారం ఆ వరుసను పడుకోబెట్టాను. లేపడం మర్చిపోయాను. ఎరుపు కనబడకపోయేసరికి సాంపిల్ పంపడమూ మర్చిపోయాను. ఆపి ఉంచిన వరుసలకు షీటక్క కూడా ఫోన్ చేసేది కాదు. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సోమవారం రోగుల్ని మారుస్తారనగా, గురువారం మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. మొదటి పేజీలో వంద శాతం, సున్నా ఉన్నాయి. ఆమె మాత్రం కూర్చుని వరుసలు లెక్కపెట్టింది. నూట అరవైలో పూర్తయినవి నూట నలభై తొమ్మిదే.

"తమ్ముడూ, ఈ నీళ్ళ రిపోర్టు ఎందుకు ఆగింది?"

"ల్యాబులో ఉందక్కా."

"సాంపిల్ పంపిన చీటీ చూపించు."

నా దగ్గర చీటీ లేదు. ఆమె తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని మేనేజరుగారి గదికి తీసుకెళ్ళింది.

ఆయన విని, "వంద చూపిస్తోంది కదా, అలాగే ఉండనివ్వండి. రోగులు మారాక సాంపిల్ పంపుదాం" అన్నాడు. తర్వాత కాగితాల దొంతర సర్దుతూ, "మీ కాంట్రాక్టు ఫైలు కూడా ఇక్కడే ఉందమ్మా. ఈ నెలాఖరే కదా?" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకే అర్థమైంది, ఆమెకు కాదా?

శుక్రవారం గోడ మీద వంద, సున్నా వెలిగాయి. పెద్ద డాక్టరమ్మ, "అయితే అన్నీ అయిపోయినట్టేనా?" అంది. షీటక్క నా వరుస తెరిచి, మౌస్ నా ముందుకు జరిపింది.

"తమ్ముడూ, నీ వరుస."

మేనేజరు నన్నే చూస్తున్నాడు. గడి నొక్కి 'జరుగుతోంది' ఎంచుకున్నాను. వంద తొంభై తొమ్మిదైంది, సున్నా ఒకటైంది.

"చిన్న రిపోర్టండీ, వచ్చేస్తుంది" అన్నాడు మేనేజరు.

"ఇంకా సాంపిలే పంపలేదు మేడమ్. తప్పు నాదే" అన్నాను.

షీటక్క మౌస్ వెనక్కి తీసుకుంది. "లెక్క కట్టింది నేను. అందులో నా తప్పూ ఉంది, ఇప్పుడే సరిచేస్తాను" అని, ఆపి ఉంచినవాటిని వదిలెయ్యమన్న షరతును రెండు సూత్రాల్లోంచీ తీసేసింది. తొంభై మూడు శాతం. పూర్తికాని పదకొండింటిలో గడువు దాటినవి తొమ్మిది.

ఆమె ఆ తొమ్మిదింటినీ ఒకే గొంతుతో చదివింది. మొదటిది నాది. తొమ్మిదోది, "కోఆర్డినేటరు కాంట్రాక్టు పొడిగింపు, మేనేజరుగారిది, గడువు దాటి పన్నెండు రోజులు, ఆపి ఉంచాం." ఆయన మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

మార్పిడి వాయిదా పడింది. వారం తర్వాత వచ్చిన రిపోర్టులో సూక్ష్మజీవులు మళ్ళీ హద్దు దాటే ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. ఆ నీళ్ళే వాడబోయే ఇరవై రెండు మంది నాకు ముఖాలతో సహా తెలుసు. మళ్ళీ కడిగించాం. ఈసారి నేనే సాంపిల్ తీసి, నేనే ల్యాబుకు మోసుకెళ్ళాను. అది బాగుందని తేలాకే రోగులు కొత్త భవనంలోకి వచ్చారు.

ఈలోగా నెలాఖరు వచ్చింది. మేనేజరు సంతకం పెట్టలేదు. షీటక్క డబ్బా సంచి భుజాన వేసుకుని, షీటు నాకు అప్పగించి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. గొడవపడే దమ్ము మాత్రం లేకపోయింది.

మిగతా వరుసలన్నీ ఒక్కొక్కటే పూర్తయ్యాయి. ఒక్కటి మిగిలింది. "ఆ మనిషే లేదు, ఆ వరుస తీసెయ్" అన్నాడు మేనేజరు.

"వరుస ఎవరిదో వాళ్ళే మార్చాలి సార్" అన్నాను.

పోయిన శుక్రవారం పెద్ద డాక్టరమ్మ గోడ మీది అంకె చూసి విసుక్కుంది. "అందరూ మారి మూడు వారాలైంది. ఇంకా ఈ ఒకటి ఏమిటి?" ఆ వరుస తెరిచి, మౌస్ మేనేజరు ముందుకు జరిపాను. డాక్టరమ్మ చదివింది. "ఆమె పంపించెయ్యాల్సిన మనిషా! ఎందుకాగింది?" ఆయన ఫైలు అక్కడికే తెప్పించి, డాక్టరమ్మ చూస్తుండగా సంతకం పెట్టి, 'పూర్తయింది' ఎంచుకున్నాడు.

వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాను. "అక్కా, నీ పొడిగింపు అయిపోయింది! సోమవారం వచ్చెయ్."

ఆమె ఒకటే అడిగింది.

"సంతకం కళ్ళతో చూశావా?"

"చూశానక్కా" అన్నాను.